మాలకు ముందు వారం: తాగుడు మానేవారికి థయామిన్ ఎందుకు?

డాక్టర్ గారికి నమస్కారం. మా వారికి 43 ఏళ్ళు, ఆటో నడుపుతారు. పన్నెండేళ్ళుగా రోజూ సాయంత్రం రెండు క్వార్టర్లు తాగుతున్నారు. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయి, తిండి సరిగా తినరు, రాత్రిళ్ళు అరికాళ్ళు మంటలంటారు. నీరసమంటే మా ఊరి ఆర్‌ఎంపీ గారు గ్లూకోజు బాటిల్‌లో పసుపురంగు ఇంజెక్షన్ కలిపి ఎక్కిస్తారు. నేను రోజూ ఒక బి కాంప్లెక్స్ గోలీ పొడి చేసి ఆయనకు తెలియకుండా పెరుగన్నంలో కలుపుతున్నాను. కిందటేడు అయ్యప్ప మాల వేసుకుని తాగుడు మానేస్తే రెండో రోజే ఫిట్స్ వచ్చాయి. ఈ కార్తీకంలో మళ్ళీ వేసుకుంటానంటున్నారు. మూడు వారాలే ఉంది. గోలీలు రెండు వేయాలా? ముందుగా బాటిళ్ళు ఎక్కిస్తే సరిపోతుందా?
— ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

అమ్మా, రెండు గోలీలు వేసినా సరిపోదు. ముందుగా గ్లూకోజు ఎక్కించడం సాయం చేయకపోగా ఈ పరిస్థితిలో హాని కూడా చేయవచ్చు. ఆయన మాల వేసుకోవడానికి నేను అడ్డు చెప్పను. అయితే తాగుడు ఆపే మొదటి వారం ఇంట్లో గడవకూడదు, ఆసుపత్రిలో గడవాలి. ఆ మాట ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. మీరు ఇక్కడితో చదవడం ఆపేసినా ఆ ఒక్క సంగతీ గుర్తుండాలి.

ముందు ఈ లోటు ఎలా వస్తుందో చూద్దాం. థయామిన్ అంటే బి1 విటమిన్. మనకు రోజుకు కావలసింది ఒకటి రెండు మిల్లీగ్రాములే. అయితే దీన్ని శరీరం ఎక్కువగా దాచుకోలేదు. ఆరోగ్యవంతుడి ఒంట్లో ఉండే మొత్తం నిల్వే 25 నుంచి 30 మిల్లీగ్రాములు. లోపలికి రావడం ఆగిపోతే రెండు మూడు వారాల్లో ఆ నిల్వ అడుగంటుతుంది. కొవ్వులో కరిగే ఎ, డి విటమిన్ల లాగా నెలల తరబడి నెట్టుకొచ్చే అవకాశం దీనికి లేదు.

రెండు క్వార్టర్లంటే 360 మిల్లీలీటర్లు. అందులోని ఆల్కహాల్ ఒక్కటే సుమారు 850 కెలోరీలు ఇస్తుంది. అంటే దాదాపు రెండు పూటల భోజనానికి సరిపడా శక్తి. అందులో థయామిన్ మాత్రం సున్నా. కడుపు నిండినట్టే ఉంటుంది కాబట్టి మనిషి అన్నం ముట్టడు. ముట్టినా, తాగుడు వల్ల దెబ్బతిన్న పేగు థయామిన్‌ను సరిగా పీల్చుకోదు. పీల్చుకున్న ఆ కాస్తనూ కాలేయం దాచుకోలేదు. వాంతుల్లో కొంత, మూత్రంలో కొంత పోతుంది. చివరికి కణాల్లోకి చేరినదైనా పనిచేయాలంటే మెగ్నీషియం తోడు కావాలి. రోజూ తాగేవారిలో అదీ తక్కువగానే ఉంటుంది. ఇన్ని చోట్ల దెబ్బతింటుంది కాబట్టే ఇది కేవలం తిండి లోపం కాదు, మంచి తిండి పెట్టినంత మాత్రాన తీరిపోదు. పైగా థయామిన్ తగ్గితే ముందుగా చచ్చేది ఆకలే. ఆకలి లేక తినడు, తినక లోటు పెరుగుతుంది. మీ వారు తినడం లేదని మీరు బాధపడుతున్నారు కదా, అది మొండితనమే కాకపోవచ్చు.

మన తిండి అలవాటు కూడా ఇందులో కొంత కారణమే. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో తవుడుతో పాటు థయామిన్ కూడా పోతుంది. నాలుగు నీళ్ళు కడిగి, గంజి వార్చేస్తే మిగిలినదీ పోతుంది. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తాలో, థయామిన్ లోటుతో వచ్చే బెరిబెరి జబ్బు బాగా ఉండేది. అదే మద్రాసు రాష్ట్రంలో ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో అంతగా కనిపించేది కాదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు పై పొరలోని థయామిన్ గింజలోకి ఇంకుతుంది, అందుకే మిల్లు ఆడినా కొంత నిలుస్తుంది. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయం 1930ల్లో ఈ సంగతిని వివరంగా పరిశీలించింది. ఆ సంస్థే తరువాత హైదరాబాద్‌కు తరలివచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. పప్పు, పల్లీలు, కూరలు తగినంత తినే ఇంట్లో తెల్లన్నం వల్ల ఈ రోజుల్లో పెద్ద ప్రమాదం రాదు. రాత్రి పదింటికి రెండు ముద్దల పెరుగన్నంతో పడుకునే మనిషి సంగతి వేరు.

ఇక గ్లూకోజు బాటిల్ గురించి చెప్పాలి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది అదే.

కట్టెల పొయ్యి చూసే ఉంటారు. కట్టెలు ఎన్ని కుక్కినా ఊదుడు గొట్టంతో గాలి ఊదకపోతే మంట రాదు, ఇల్లంతా పొగ కమ్ముతుంది. మన కణాల్లో గ్లూకోజు కట్టె అయితే థయామిన్ ఆ గాలి. గ్లూకోజును పూర్తిగా మండించి శక్తిగా మార్చే ఎంజైముల్లో ముఖ్యమైనవి థయామిన్ లేకుండా పనిచేయవు. థయామిన్ అడుగంటిన మనిషికి ఒక్కసారిగా గ్లూకోజు ఎక్కిస్తే, ఉన్న కాస్త థయామిన్ దాన్ని మండించడానికే ఖర్చయిపోతుంది. శక్తి తయారవడం ఆగి లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. అందరికంటే ముందు ఆకలికి అల్లాడేది మెదడు. అందులోనూ మెదడు మధ్యభాగంలో కంటి కదలికలనూ, నడకలో నిలకడనూ, కొత్త విషయాలు గుర్తుపెట్టుకోవడాన్నీ చూసుకునే చిన్న చిన్న కేంద్రాలు. ఇలా వచ్చే జబ్బుకు వెర్నికీ ఎన్‌సెఫలోపతి అని పేరు. 1881లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికీ దీన్ని మొదట వర్ణించాడు. ఆయన చూసిన ముగ్గురిలో ఇద్దరు తాగుడుకు బానిసలైనవారు. మూడో ఆమె మద్యం ముట్టలేదు, ఆమ్లం మింగాక ఆగని వాంతులతో బాధపడిన మనిషి. జబ్బుకు మూలం మత్తు కాదు, ఒంట్లోకి థయామిన్ చేరకపోవడమేనన్న సంగతి ఆ మూడో ఉదాహరణలోనే ఉంది. ఆ రోజుల్లో థయామిన్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు.

బాటిల్‌లో కలిపే పసుపురంగు ఇంజెక్షన్ బి విటమిన్ల మిశ్రమం. ఆ పసుపు రంగు రైబోఫ్లేవిన్‌ది, అంటే బి2ది. రంగు ముదురుగా ఉందని బి1 ఎక్కువగా ఉన్నట్టు కాదు. మెదడును కాపాడడానికి కావలసిన మోతాదు ముందు దానిలో ఉండేది చాలా తక్కువ. ఒక్క మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి: రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతే గ్లూకోజు వెంటనే ఇవ్వాల్సిందే, థయామిన్ కోసం దాన్ని ఆపకూడదు. రోజూ తాగి తినకుండా ఉండేవారిలో చక్కెర నిజంగానే పడిపోతుంది. అందుకే చక్కెర పరీక్ష చేసి, థయామిన్‌ను ముందుగానో గ్లూకోజుతో పాటుగానో ఇచ్చే చోట వైద్యం జరగాలి. నీరసమని చెప్పగానే కొలవకుండా బాటిల్ తగిలించే చోట కాదు.

నేను చూసిన ఒక మనిషి సంగతి చెబుతాను. నలభై ఆరేళ్ళ తాపీ మేస్త్రీ. మీ వారిలాగే తాగేవాడు. సోమవారం మాల వేసుకుని ఆ రోజు నుంచే మానేశాడు. మంగళవారానికి వణుకు, చెమటలు, వాంతులు. ఇంటి దగ్గరే మూడు రోజుల్లో నాలుగు గ్లూకోజు బాటిళ్ళు ఎక్కించారు. వణుకు కొంత తగ్గింది, అందరూ గండం గడిచిందనుకున్నారు. శనివారం పొద్దున స్నానానికి లేచినవాడు కాళ్ళు ఎడం చేసి, గోడ పట్టుకుని తూలుతూ నడిచాడట. దొంగచాటుగా మళ్ళీ తాగాడని ఇంట్లోవాళ్ళు, తోటి స్వాములు అతణ్ణి తిట్టారు. దీక్ష భంగం చేశాడని మాల తీసేయించబోయారు. అతని భార్య ఒక్కతే నమ్మలేదు. నోటి దగ్గర వాసన రావడం లేదని ఆమె పట్టుబట్టి ఆటో ఎక్కించింది.

నా ముందు కూర్చోబెట్టి, తల కదల్చకుండా నా వేలినే చూడమన్నాను. వేలు పక్కకు జరిపితే కళ్ళు దాని వెంట వెళ్ళి, చివర్లో నిలవలేక చిన్న చిన్న కుదుపులతో వెనక్కి జారుతున్నాయి. ఎడమ కన్ను పూర్తిగా బయటి వైపుకు వెళ్ళడం లేదు. వేళ్ళు ఎన్ని అంటే, చూపింది రెండయితే నాలుగన్నాడు. ఒక పాదం వేళ్ళకు రెండో పాదం మడమ ఆనించి నడవమంటే రెండో అడుగుకే పడబోయాడు. ఈ రోజు ఏ వారమని అడిగితే, పొద్దున స్లాబు పని చేసి ఇప్పుడే వస్తున్నానని ఎంతో నమ్మకంగా చెప్పాడు. అయిదు రోజులుగా మంచం దిగని మనిషి.

కంటి కదలికల తేడా, నడకలో తూలు, మనసు తికమక, ఈ మూడూ ఒకేసారి అతనిలో ఉన్నాయి. అది నాకు దొరికిన అదృష్టమే. ఎందుకంటే ఆరుగురిలో అయిదుగురికి ఈ మూడూ కలిసి కనిపించవు. చాలామందికి తికమక ఒక్కటే ఉంటుంది, దాన్ని మత్తనో, దిగులనో, నిద్రలేమనో తోసేస్తారు. అందుకే తాగేవారిలో తిండి లేకపోవడం, కంటి తేడా, తూలు, తికమక లేదా మతిమరుపు, ఈ నాలుగింటిలో ఏ రెండు కనిపించినా వెర్నికీ అనే అనుకుని వైద్యం మొదలుపెడతాం. రక్తంలో థయామిన్ కొలిచే పరీక్ష అన్నిచోట్లా ఉండదు, ఉన్నా ఫలితం వచ్చేసరికి రోజులు పడుతుంది. దాని కోసం ఆగకూడదు.

అతనికి థయామిన్ 500 మిల్లీగ్రాములు, 100 మిల్లీలీటర్ల మామూలు సెలైన్‌లో కలిపి అరగంట పాటు నరానికి ఎక్కించాం. అలా రోజుకు మూడుసార్లు, మూడు రోజులు. ఆ తరువాత రోజుకు 250 చొప్పున మరో అయిదు రోజులు. మెగ్నీషియం తక్కువగా ఉంటే అదీ సరిచేశాం. మరుసటి రోజు సాయంత్రానికే కళ్ళు తిన్నగా కదిలాయి. నడక కుదురుకోవడానికి రెండు నెలలు పట్టింది. జ్ఞాపకశక్తి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. పాత సంగతులు బాగానే చెబుతాడు, ఇప్పుడు చెప్పిన కొలత పది నిమిషాలకు మరిచిపోతాడు. మేస్త్రీ పని వదిలి తమ్ముడి దగ్గర కూలికి వెళుతున్నాడు. ఆలస్యమైతే మిగిలిపోయే ఈ మతిమరుపును కోర్సకాఫ్ సిండ్రోమ్ అంటారు. జరగని సంగతులు జరిగినట్టు చెప్పడం దాని లక్షణమే. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, జ్ఞాపకంలో ఏర్పడిన ఖాళీని మెదడు తానే ఏదో ఒకదానితో నింపేస్తుంది. మంగళవారం నాడే థయామిన్ ఇంజెక్షన్లు మొదలై ఉంటే ఆ మనిషి ఈ రోజు తాపీ పట్టుకునేవాడని నా నమ్మకం.

ఇప్పుడు మీ గోలీ సంగతి. మామూలు బి కాంప్లెక్స్ గోలీలో థయామిన్ 10 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. ఆరోగ్యవంతుడికి అది రోజువారీ అవసరానికి ఎన్నో రెట్లు. రోజూ తాగే మనిషి పేగు మాత్రం అందులో కొంచెమే లోపలికి రానిస్తుంది. గోలీలు పెంచుకుంటూ పోయినా లోపలికి చేరేది ఆ నిష్పత్తిలో పెరగదు. అందుకే మానే సమయంలో థయామిన్‌ను కండకో నరానికో ఇస్తాం. మెదడుకు అందాలంటే రక్తంలో మోతాదు బాగా పెరగాలి, నోటి దారిలో అది సాధ్యం కాదు. ఆ వారం గడిచాక, తిండి తింటున్నాక, 100 మిల్లీగ్రాముల థయామిన్ గోలీలు నెలల పాటు పనికొస్తాయి. నరానికి ఎక్కించినప్పుడు చాలా అరుదుగా తీవ్రమైన అలర్జీ వస్తుంది. ఆ ఇంజెక్షన్‌ను ఇంటి దగ్గర చేయించవద్దనడానికి అది కూడా ఒక కారణం.

పొడి చేసి తెలియకుండా కలపడం మాత్రం ఆపండి, అమ్మా. బి కాంప్లెక్స్‌తో ప్రమాదమేమీ లేకపోయినా, రేపు ఎవరో తాగుడు మాన్పించే పొడి అని ఇస్తే మీరు అదీ కలుపుతారేమోనని నా భయం. అలాంటి వాటిలో డైసల్ఫిరామ్ ఉండవచ్చు. దాని మీద మద్యం పడితే గుండె దడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. డాక్టరు ఆ మందు ఇచ్చేది కూడా రోగికి అన్నీ చెప్పి, అతను ఒప్పుకున్న తరువాతే. గోలీ ఆయన చేతికే ఇవ్వండి. అరికాళ్ళ మంటలకు మందని చెప్పండి, అది నిజమే.

ఆ అరికాళ్ళ మంటల్లో బి1 ఒక్కటే కాదు, బి6, బి12 లోపాలూ, మద్యం నరాలకు నేరుగా చేసే హానీ కలిసి ఉంటాయి. అందుకని నరాల బలానికంటూ అమ్మే గోలీలు సొంతంగా నెలల తరబడి వాడకూడదు. బి6 మోతాదు మించితే అదే నరాలను పాడుచేసి మంటలు పెంచుతుంది. బి12 తక్కువగా ఉన్న మనిషికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తహీనత మెరుగైనట్టు కనిపిస్తుంది గానీ నరాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. కాలేయం పాడైనవారిలో బి12 పరీక్ష ఎక్కువగా చూపి మోసం చేస్తుంది కూడా. మెడ చుట్టూ హారం వేసినట్టు, ఎండ తగిలే చేతుల మీద నల్లబడి పొలుసులు రేగే చర్మం కనిపిస్తే అది నియాసిన్ లోపం, పెల్లాగ్రా. చొక్కా పొట్టి చేతుల అంచు దగ్గర గీత గీసినట్టు మచ్చ ఆగిపోవడం చూస్తే అనుమానించాలి. ఒకసారి మీ వారి చొక్కా విప్పించి వెలుతురులో చూడండి.

ఇక మానే రోజు గురించి. పన్నెండేళ్ళు రోజూ మద్యంలో తడిసిన మెదడుకు అది హఠాత్తుగా అందకపోతే అదుపు తప్పుతుంది. ఆఖరి పెగ్గు తరువాత ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లో వణుకు, చెమట, దడ మొదలవుతాయి. ఫిట్స్ సాధారణంగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి, కిందటేడు మీరు చూసినట్టే. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేనివి కనిపించడం, ఒళ్ళు కాలిపోవడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం వస్తాయి. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, ప్రాణాలు తీయగల స్థితి. ఒకసారి ఫిట్స్ వచ్చిన మనిషికి మళ్ళీ మానినప్పుడు అవి రావడానికి అవకాశం ఎక్కువ. మీ వారిని చేర్చుకునే వైద్యం చేయాలని నేను గట్టిగా అంటున్నది ముఖ్యంగా ఆ కారణంతోనే.

ఈ ఫిట్స్‌ను థయామిన్ ఆపదు. వాటికి క్లోర్డయాజిపాక్సైడ్, కాలేయం బాగా దెబ్బతింటే లోరాజిపామ్ లాంటి మందులు వణుకును బట్టి మోతాదు కట్టి ఇచ్చి, వారం పది రోజుల్లో తగ్గించి ఆపేస్తారు. వాటిని షాపులో కొని ఇంట్లో వేయకండి. ఆయన వాటి మీద ఒక్క పెగ్గు వేసినా ఊపిరి మందగించవచ్చు. ఆయన కల్లు కూడా తాగుతుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. కల్తీ కల్లులో అల్ప్రాజోలామ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపిన సందర్భాలు ఉన్నాయి, దాన్ని మానినప్పుడు మోతాదు లెక్కలే మారిపోతాయి.

మీ చేతిలో మూడు వారాలున్నాయి, అది చాలినంత సమయం. ఈ వారమే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికో, డీ-అడిక్షన్ కేంద్రానికో ఆయనను తీసుకువెళ్ళండి. దగ్గర్లో ఎక్కడుందో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సంఖ్య, తెలుగులో మాట్లాడతారు. ఆ రోజు వరకు ఆయన చేత మద్యం హఠాత్తుగా మాన్పించకండి. మాలకు పది రోజుల ముందు చేరితే, ఏడెనిమిది రోజుల్లో వణుకు తగ్గి, ఇంజెక్షన్లు పూర్తయి, చేయి నిలకడగా బయటికి వస్తారు. అప్పుడు గురుస్వామి దగ్గరికి వెళ్ళవచ్చు. ఆ నలభై ఒక్క రోజులూ పొద్దున గోలీ వేసుకోవడం దీక్షకు విరుద్ధం కాదని ఆయనతో ముందే ఒక మాట చెప్పించండి. మధ్యాహ్నం భిక్షలో పప్పు తప్పకుండా ఉండాలి, రాత్రి అల్పాహారం మానకూడదు. పల్లీలు, మొలకెత్తిన పెసలు, గంజి వార్చని అన్నం, దొరికితే దంపుడు బియ్యం పెట్టండి. ఒట్టి పండ్లతో, తేనెనీళ్ళతో రోజులు గడిపే ఉపవాసం ఈ ఏడాది ఆయనకు వద్దు.

చేరేలోపు ఆయనకు వస్తువులు రెండుగా కనిపించినా, తాగని వేళ తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా అదే గంటలో 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో మొదట అడగవలసిన మాట, "రోజూ తాగే మనిషండీ, గ్లూకోజుతో పాటు థయామిన్ ఇస్తున్నారా?" అడగడానికి మొహమాటపడకండి, మంచి డాక్టరు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు. వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద ఆయన రోజుకు ఎంత తాగుతారో, ఆఖరిసారి ఎన్ని గంటలకు తాగారో, కిందటేడు ఫిట్స్ ఎన్నిసార్లు వచ్చాయో, ఆర్‌ఎంపీ గారు ఈ నెలలో ఎన్ని బాటిళ్ళు ఎక్కించారో రాసుకుని, ఇంట్లో ఉన్న గోలీల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి.